'మష్కూర్' అన్నాను, చావూష్ చాచా నవ్వాడు

ఉర్దూ వస్తే అరబీ సగం వచ్చినట్టే అని మన ఇళ్లల్లో ఒక మాట తిరుగుతూ ఉంటుంది. నేనూ అన్నాను. ఉర్దూ మీడియం బడిలో చదివినవాణ్ణి, నాజిరా పూర్తి చేసినవాణ్ణి, అనడానికి నాకు హక్కుందనుకున్నాను. పోయిన నెల ఒక ఉత్తరం ఆ గురూర్ దించేసింది. ఆ ఉత్తరం కథ చెప్పి, తర్వాత మన మీద నాకున్న ఫిర్యాదు చెబుతాను.

ఖాజాగూడలో మా పక్క ఫ్లాట్‌లో ఒక తెలుగు అమ్మాయి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంపెనీ పని మీద మూడు నెలలు మస్కట్ వెళ్లింది. అక్కడ గట్టిగా జ్వరం వస్తే, ఆఫీసులో తనతో పనిచేసే ఒమానీ అమ్మాయి ఆమెను హోటల్ గదిలో ఉండనివ్వలేదు, ఇంటికి తీసుకుపోయింది. పది రోజులు ఆ ఇంట్లోనే. తోటి ఉద్యోగినికి పొద్దున్నే ఆఫీసు. రాత్రిళ్లు నుదుటి మీద తడిగుడ్డ మార్చిందీ, శోర్బా తాగించిందీ, కోలుకున్నాక ఖహ్వా, ఖర్జూరాలు, హల్వా ముందు పెట్టి తినేదాకా లేవనివ్వనిదీ ఆ ఇంటి అమ్మ. ఆవిడకు ఇంగ్లిష్ రాదు.

తిరిగొచ్చాక ఈ పిల్ల తెలుగులో ఒక పేజీ రాసి నా దగ్గరికి తెచ్చింది. "అంకుల్, దీన్ని అరబిక్‌లో రాసిపెట్టరా? మీకు వచ్చు కదా" అంది. మా దోస్త్ ఒకడు పక్కనే ఉండి, "ఇంగ్లిష్‌లో పంపించమ్మా, కూతురు చదివి చెబుతుందిగా" అన్నాడు. ఆ పిల్ల ఒప్పుకోలేదు. "రాత్రంతా మేలుకున్నది అమ్మ. ఆవిడ తన కళ్లతో చదువుకోవాలి" అంది. నాకు ఆ మాట నచ్చింది. తీసుకున్నాను.

ఒక రాత్రి కూర్చుని రాశాను. నిజం చెప్పాలంటే, ఉర్దూలో ఆలోచించి ఆ మాటలకు 'అల్' తగిలించాను. పొద్దున్నే బర్కస్ వెళ్లి, నాకు తెలిసిన ఒక చావూష్ పెద్దాయన చేతిలో పెట్టాను. బర్కస్ ఎవరిదో ఈ బ్లాగు చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. నిజాం ఫౌజులో చేరిన హద్రమీ అరబ్బుల బస్తీ అది, బారక్స్ అన్న మాటే బర్కస్ అయింది. చాచా పూర్వీకులది హద్రమౌత్, ఆయన ఉద్యోగం ఇరవై ఏళ్లు ఖలీజ్‌లో. రెండో పంక్తికే నవ్వాడు.

ఆ పంక్తిలో 'అనా మష్కూర్' అని ఉంది. ఉర్దూలో "మై ఆప్ కా మష్కూర్ హూఁ" అంటే నేను మీకు కృతజ్ఞుణ్ణి. అరబీలో మష్కూర్ అంటే కృతజ్ఞతలు అందుకున్నవాడు. అంటే ఆ పిల్ల తరఫున నేను రాసింది, "మీరందరూ నాకు షుక్రియా చెప్పుకుంటున్నారు" అని. ఖురాన్‌లో సూరా ఇన్సాన్‌లో స్వర్గవాసుల కృషి గురించి మష్కూర్ అనే మాట వస్తుంది. అక్కడ దాని అర్థం ఆదరణ పొందిన కృషి అనే. ఎన్నిసార్లు చదివానో! చదివింది ఆలోచించలేదు, అంతే. చాచా ఒక సంగతి చెప్పాడు: మమ్నూన్ కూడా అదే అచ్చులో పోసిన మాట, కానీ అది సరైనదే. మేలు జరిగింది నాకు కాబట్టి నేను మమ్నూన్. షుక్ర్ అందేది వాళ్లకు కాబట్టి మష్కూర్ వాళ్లు. పని ఎవరి మీద పడుతోందో చూసుకుంటే ఈ తప్పు ఇక జరగదు.

రెండో తప్పు లింగం. నేను పురుష వాచకం వాడాను. తెలుగులో "నేను రుణపడి ఉన్నాను" అని ఆడవాళ్లయినా మగవాళ్లయినా అంటారు. ఉర్దూలోనైనా 'కర్తా హూఁ', 'కర్తీ హూఁ' తేడా ఉంది కాబట్టి నాకు తట్టాల్సింది. అరబీలో ఆ అమ్మాయి 'ముమ్తన్న' అనాలి, 'ముమ్తన్' అనకూడదు. రాసేది నేనైనా మాట్లాడేది ఆమె కదా.

మూడోది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. "ఇంట్లో ఆడవాళ్లందరికీ సలాములు" అన్న చోట 'ఔరాత్' అని రాశాను. చాచా కాగితం కింద పెట్టి నా మొహం చూశాడు. ఉర్దూలో ఔరత్ అంటే స్త్రీ. అరబీలో అది దాచవలసిన శరీరభాగం. సత్ర్-ఎ-ఔరత్ అని నమాజు మసాయిల్‌లో మనందరం నేర్చుకున్నదే. తెలిసిన మాటే, తెలిసి రాశాను. ఆ కాగితం నేరుగా పోస్టులో వేసి ఉంటే ఒక కన్నతల్లి లాంటి మనిషికి ఏం చేరేదో ఊహించుకోండి. అక్కడ రాయాల్సింది 'అహ్లుల్ బైత్', ఇంటివాళ్లు. ఆవిడను వేరుగా పిలవాలంటే 'అల్-వాలిదతుల్ కరీమ', గౌరవనీయులైన అమ్మగారు.

ఇంకా ఉన్నాయి. "మీకు తక్లీఫ్ ఇచ్చాను" అని రాశాను. అరబీలో తక్లీఫ్ అంటే బాధ్యత అప్పగించడం. "మా గరీబ్‌ఖానాకు రండి" అన్నాను. గరీబ్ అక్కడ పేదవాడు కాడు, పరాయివాడు, వింతైనది. వింత ఇంటికి రమ్మని పిలిచానన్నమాట. అయితే ఇదే మాటలో ఒక ఖజానా దాగి ఉంది. గుర్బత్ మనకు పేదరికం, అరబ్బులకు సొంతవాళ్లకు దూరంగా ఉండడం. ఆ పిల్ల తెలుగు ఉత్తరంలో "మీరు నన్ను దేవుడిలా ఆదుకున్నారు" అని ఉంది. తెలుగులో ఎంత ఆర్ద్రమైన మాటో నాకు తెలుసు. తౌహీద్ మీద నిలబడ్డ ఆ ఇంట్లో అది చదివి ఆవిడ 'అస్తగ్ఫిరుల్లాహ్' అనుకుంటుంది. చాచా దాని బదులు నాలుగు మాటలు పెట్టాడు: 'కుంతుమ్ లీ అహ్లన్ ఫీ గుర్బతీ'. నా వాళ్లెవరూ లేని చోట మీరు నా వాళ్లయ్యారు. ఆ పిల్లకు చదివి అర్థం చెబితే కళ్లు తుడుచుకుంది. "ఇదే అంకుల్, నేను చెప్పాలనుకుంది" అంది.

"మీ రుణం తీర్చుకోలేను" అన్న దాన్ని నేను 'దైన్' అని పెట్టాను. అది అప్పు, లెక్కల పుస్తకంలోది. "మీ ఉప్పు తిన్నాను" అన్న దగ్గర మాత్రం రెండు భాషలూ చెయ్యి కలిపాయి. మన మాటలో తిన్నవాడు కట్టుబడి ఉండాలి. అరబ్బుల మాటలో ఇద్దరూ కట్టుబడతారు: మన మధ్య రొట్టె, ఉప్పు ఉన్నాయి. అప్పు పంక్తి కొట్టేసి దీన్ని ఉంచాం.

చివరికి పోయిన ఉత్తరం ఇది:

"ఇలల్ వాలిదతిల్ కరీమ వ జమీఇ అహ్లిల్ బైత్, తహియ్యతన్ తయ్యిబతన్ వ బఅద్. అష్కురుకుమ్ మిన్ అఅమాఖి ఖల్బీ అలా హుస్ని దియాఫతికుమ్, వ అనా ముమ్తన్నతున్ లకుమ్. కుంతుమ్ లీ అహ్లన్ ఫీ గుర్బతీ. లన్ అన్సా సహరకి ఇలా జానిబీ ఫీ లయాలిల్ హుమ్మా. అత్అబ్‌తుకుమ్ కసీరన్, ఫల్లాహు యుఅతీకుముల్ ఆఫియ. బైననా ఖుబ్జున్ వ మిల్హ్, వ బైతునా బైతుకుమ్ ఫీ హైదరాబాద్. జజాకుముల్లాహు ఖైరన్. ఇబ్నతుకుమ్ ఫిల్ హింద్."

అంటే: గౌరవనీయులైన అమ్మగారికి, ఇంటిల్లిపాదికీ నమస్సులు. మీ చక్కని ఆతిథ్యానికి మనసు లోతుల్లోంచి కృతజ్ఞతలు, మీ మేలు మరువను. నా వాళ్లకు దూరంగా ఉన్న చోట మీరే నా వాళ్లయ్యారు. జ్వరం రాత్రుల్లో నా పక్కన మీరు మేలుకుని ఉండడం ఎప్పటికీ మర్చిపోను. మిమ్మల్ని చాలా శ్రమపెట్టాను, అల్లాహ్ మీకు ఆఫియత్ ఇవ్వాలి. మన మధ్య రొట్టె, ఉప్పు ఉన్నాయి, హైదరాబాద్‌లో మా ఇల్లు మీ ఇల్లే. అల్లాహ్ మీకు మేలైన ప్రతిఫలం ఇవ్వాలి. హిందుస్తాన్‌లో మీ కూతురు.

ఒకటి గమనించండి. ఉత్తరమంతా 'కుమ్', మీరందరూ. ఒక్క జ్వరం రాత్రుల పంక్తిలో 'సహరకి', ఆ 'కి' ఒక స్త్రీకి మాత్రమే. ఇంటివాళ్లంతా చదివే ఉత్తరంలో అమ్మ ఒక్కదానికే దక్కే పంక్తి అది. తెలుగులోనూ ఉర్దూలోనూ సర్వనామం ఒక్కదానితో ఇది చేయలేం.

ఇప్పుడు నా ఫిర్యాదు. ఈ తప్పులు నా ఒక్కడివే అయితే రాసేవాణ్ణి కాదు. రోజూ మనం చేస్తున్నాం. ఆడపిల్ల సాయం చేస్తే 'జజాకల్లాహ్' అంటాం, అది మగవాడికి. ఆమెకు 'జజాకిల్లాహు ఖైరన్' అనాలి. పైగా ఖైరన్ వదిలేస్తాం. ఖైర్ లేకపోతే మిగిలేది "అల్లాహ్ నీకు బదులివ్వాలి" అని మాత్రమే. ఏం బదులో చెప్పలేదు! మనుషులకు షుక్ర్ చెప్పనివాడు అల్లాహ్‌కూ షుక్ర్ చెప్పనట్టే అనే హదీసును జుమా బయాన్‌లో విని, ఆ షుక్ర్ ఎలా చెప్పాలో నేర్చుకోకుండా ఇంటికి వస్తున్నాం.

మన అరబీకి రెండే గదులున్నాయి. ఒకటి ముసల్లా మీద, అక్కడ మఖ్రజ్ తప్పితే మౌల్వీ సాబ్ ఊరుకోడు, అర్థం మాత్రం అడగడు. రెండోది కఫీల్ ముందు, అక్కడ 'రూహ్', 'జీబ్', 'ఖలాస్', 'మాఫీ మాలూమ్'. తరాలుగా ఖలీజ్‌కు పోయి వస్తున్నాం, హుకుం వినడానికి సరిపడా మాటలు తెచ్చుకున్నాం. ఒక అమ్మకు ప్రేమగా నాలుగు ముక్కలు రాయాల్సి వచ్చేసరికి రెండు గదుల్లోనూ ఏమీ దొరకలేదు.

"అరబీ దీన్ కోసం, ఉత్తరాల కోసం కాదు" అంటారని తెలుసు. మర్యాద దీన్‌లో భాగం కాదా సాబ్? "పదేళ్లు పడుతుంది" అనీ అంటారు. ఈ ఉత్తరంలో ఉన్నది ఎనిమిది పంక్తులు. 1888 నుంచి దాయిరతుల్ మఆరిఫ్ అరబీ రాతప్రతులు అచ్చువేసి ప్రపంచానికి పంపుతున్న ఊరు మనది. మా ఖాజాగూడ దాటగానే గచ్చిబౌలిలో ఉర్దూ యూనివర్సిటీ ఉంది, అందులో అరబీ శాఖ ఉంది. పండితులకు కొదవ లేదు, అడిగేవాళ్లం మనమే లేము.

నేను అడిగేది చిన్నది. ఈ ఎండాకాలం సెలవుల్లో మీ మస్జిద్ మక్తబ్‌లో ఉస్తాద్‌ను అడగండి: పిల్లలతో ఒక షుక్రియా ఖత్ అరబీలో రాయించండి, మగవాడికి ఒకటి, ఆడమనిషికి ఒకటి, ఇంటిల్లిపాదికి ఒకటి. 'క', 'కి', 'కుమ్' అక్కడే వచ్చేస్తాయి.

ఉత్తరం అందాక ఆ అమ్మ వాయిస్ మెసేజ్ పంపింది. ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి ఫోను నా చెవి దగ్గర పెట్టింది. 'యా బింతీ' అన్నది తెలిసింది. తర్వాత సగం తెలియలేదు. మళ్లీ బర్కస్ వెళ్లాలి.