అద్దె మరచిన సారు

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు ఎక్కువ. ఇంటి మీద రెండు గదులు వేసి పిల్లలకు అద్దెకిచ్చే వాళ్లూ ఎక్కువే. తెలిసిన ఒక టీచరు గారు అలాగే నెలకు 15,000 తీసుకుంటున్నారు. రిటర్నులో మాత్రం జీతం ఒక్కటే చూపించారు. మొన్న మార్చిలో ఇంటి లోనుకు వెళితే బ్యాంకు వాళ్లు అద్దె ఆదాయానికి రుజువు అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది.

2023-24 ఆదాయానికి రివైజ్డ్ రిటర్ను గడువు 2025 జనవరి 15తోనే పోయింది. మిగిలింది అప్‌డేటెడ్ రిటర్ను, అంటే ఐటీఆర్-యు. 2022లో వచ్చిన ఈ వెసులుబాటు మొదట రెండేళ్లే ఉండేది. 2025 నుంచి అసెస్‌మెంటు సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల దాకా పెంచారు.

లెక్క చూద్దాం. ఏడాది అద్దె 1,80,000. ఇంటి పన్ను సంగతి పక్కన పెడితే, మరమ్మతుల కింద చట్టమే 30 శాతం తీసేస్తుంది. మిగిలేది 1,26,000. సారు పాత విధానంలో 20 శాతం శ్లాబులో ఉన్నారు కాబట్టి సెస్సుతో కలిపి పన్ను 26,208. ముందస్తు పన్ను కట్టనందుకు వడ్డీలు కలిపితే దాదాపు 33,800. దాని మీద అదనపు పన్ను 25 శాతం. మొత్తం సుమారు 42,250.

"తప్పు మనమే ఒప్పుకున్నా ఇంత కట్టాల్నా?" అన్నారు సారు. కట్టాలి. ఏప్రిల్ దాకా ఆగి ఉంటే అదే అదనపు పన్ను 50 శాతమయ్యేది, మొత్తం 51,000 దాటేది. మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 70 శాతం. పన్ను ముందే కట్టి, ఆ చలాను వివరాలు ఫారంలో నింపితేనే రిటర్ను చెల్లుతుంది. ఆ తర్వాత వెరిఫై చేయాలి.

సారుకు ఇంకో ఆశ పుట్టింది. అంతకు ముందు ఏడాది ఎల్‌ఐసీ ప్రీమియం చూపడం మరిచారట, అదీ ఐటీఆర్-యులో పెట్టి రీఫండు తెచ్చుకుందామని. కుదరదు. పన్ను తగ్గించడానికి, రీఫండు రాబట్టడానికి, ఉన్న రీఫండు పెంచుకోవడానికి ఈ దారి లేదు. ఇది సర్కారుకు అదనంగా ఇచ్చే దారి మాత్రమే. నాకైతే ఇది కొంచెం ఏకపక్షంగానే తోస్తుంది, కానీ చట్టం అంతే.

ఒక ఏడాదికి ఒక్కసారే వేయనిస్తారు. కాబట్టి తొందరపడి అద్దె ఒక్కటే చూపి, డిపాజిట్ల వడ్డీ మళ్లీ మరిస్తే ఇంకో అవకాశం రాదు. సోదా జరిగినా, ఆ ఏడాది స్క్రూటినీ నడుస్తున్నా తలుపు మూసినట్టే. 2025 జూలైలో పన్నుల శాఖ దొంగ మినహాయింపుల మీద దేశమంతా సోదాలు చేసినప్పుడు, అంతకు ముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది రిటర్నులు సరిదిద్దుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని చెప్పింది.

గదులు అద్దెకిచ్చిన వాళ్లు ఫారం తెరిచే ముందు బ్యాంకు పాసుబుక్కులన్నీ ఒకసారి ముందేసుకోండి.