మారటోరియంల కిస్తీ ఆగుతది, మిత్తి ఆగదు

మన ఆర్మూర్, పెర్కిట్ దిక్కు చదువు లోన్ తీసుకున్నోళ్లల్ల చానామంది ఒక మాట నమ్ముతరు. "చదువు అయిపోయి ఏడాది గడిచేదాంక బ్యాంకుకు ఏం కట్టే పని లేదు" అని. ఈ మాట సగమే నిజం. ఆగేది కిస్తీ మాత్రమే. మిత్తి మాత్రం పైసలు కాలేజీకి పోయిన రోజు నుంచే లెక్కల పడుతది.

ఒక లెక్క చూద్దాం. పెర్కిట్‌ల ఒక పసుపు రైతు బిడ్డ ఇంజనీరింగ్‌ల చేరిందనుకుందాం. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేండ్లల 4 లక్షల లోన్. మిత్తి ఏడాదికి 10 శాతం. బ్యాంకుల సంఘం ఐబీఏ మాదిరి పథకం ప్రకారం నాలుగేండ్ల చదువు, దాని మీద ఇంకో ఏడాది, మొత్తం ఐదేండ్లు మారటోరియం. ఈ కాలంల సాదా మిత్తే వేయాలె, అంటే మిత్తి మీద మిత్తి ఉండొద్దు.

మొదటి ఏడాది లక్ష ఐదేండ్లు నడుస్తది, దాని మిత్తి 50 వేలు. రెండో లక్షకు నాలుగేండ్లు, 40 వేలు. మూడో లక్షకు 30 వేలు, నాలుగో లక్షకు 20 వేలు. అన్నీ కలిపితే 1 లక్ష 40 వేలు. ఇప్పటిదాంక ఇది మిత్తే.

కిస్తీ మొదలయ్యే రోజు ఏమైతదంటే, ఈ మిత్తి మొత్తం అసలుల కలుస్తది. బ్యాంకు దీన్ని క్యాపిటలైజేషన్ అంటది. ఆ రోజు నుంచి బిడ్డ అసలు 4 లక్షలు కాదు, 5 లక్షల 40 వేలు. అప్పటిదాంక మిత్తిగా ఉన్న 1 లక్ష 40 వేల మీద గూడ ఇగ 10 శాతం పడుతది.

పదేండ్లల కట్టాలంటే నెల కిస్తీ దాదాపు 7,136 రూపాయలు. అదే అసలు 4 లక్షలే ఉండుంటే 5,286 వస్తుండె. తేడా నెలకు 1,850. పదేండ్లకు అది 2 లక్షల 22 వేలైతది. 1 లక్ష 40 వేల మిత్తి అసలుల కలిసినందుకు 82 వేలు పైన పడ్డయి.

మరి ఏం చేయొచ్చు? మారటోరియంల మిత్తి కట్టొద్దని ఎక్కడా లేదు. నెలనెలా కాకున్నా, పసుపు అమ్మిన పైసలు చేతికొచ్చినప్పుడు ఏడాదికోసారి కట్టినా నడుస్తది. పై లెక్కల మొదటి ఏడాది మిత్తి 10 వేలు అప్పుడే కడితే, పదేండ్ల కిస్తీలల్ల దాదాపు 15,858 తగ్గుతది. మిత్తి ఎప్పటికప్పుడు కట్టేటోళ్లకు కొన్ని బ్యాంకులు రేటుల ఒక శాతం దాంక తగ్గిస్తయి. అది సాంక్షన్ లెటర్‌ల ఉన్నదా అడగాలె. కట్టిన పైసలు మిత్తి కింద జమైనయా అన్నది స్టేట్‌మెంట్‌ల చూసుకోవాలె.

ఇంట్ల ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉన్నోళ్లకు ఇంకో దారి ఉన్నది. 2009 నుంచి నడుస్తున్న కేంద్ర వడ్డీ సబ్సిడీ పథకం కింద, దేశంలనే గుర్తింపు ఉన్న కాలేజీల వృత్తి, సాంకేతిక కోర్సులు చదివేటోళ్లకు మారటోరియం మిత్తిని సర్కారే భరిస్తది. తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం లోన్ తీసుకునేటప్పుడే ఇయ్యాలె. కాని క్లెయిమ్ పంపేది బ్యాంకు. పంపకపోతే ఆ మిత్తి పోయి అసలుల కూసుంటది. అందుకే ఏటా బ్రాంచికి పోయి "నా క్లెయిమ్ పోయిందా?" అని అడుగుండ్రి. విదేశాల చదువుకు ఇది వర్తించదు. చదువు మధ్యల ఆపినోళ్లకూ రాదు.

మోసం జరిగిందో లేదో తెలుసుకునేది ఎట్ల? మొదటి లక్షకు ఏడాది మిత్తి 10 వేలు పడ్డది. రెండో ఏడాది గూడ ఆ లక్ష మీద అంతే పడాలె. 11 వేల దిక్కు పోయిందంటే మిత్తి మీద మిత్తి వేస్తున్నట్టే. అప్పు పత్రంల ఏమున్నదో అప్పుడు అడగాలె. ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీల షరతులు వేరేగా ఉండొచ్చు. మన లెక్కనే నెలనెలా చక్రవడ్డీగా వేస్తే, కిస్తీ మొదలయ్యే నాటికి అసలు 5 లక్షల 70 వేలు దాటుతది.

బ్యాంకులను అడిగే హక్కు మనకున్నది. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త అప్పులకు అసలు, మిత్తి, కిస్తీ లెక్కలున్న కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌ను అప్పు తీసుకునేటోళ్లకు అర్థమయ్యే భాషల ఇయ్యాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. మన రైతుకు అర్థమయ్యే భాష తెలుగు. ఆ కాయితం తెలుగుల అడుగుండ్రి. మారటోరియం అయినంక అసలు ఎంతైతదో అండ్ల రాయించుకున్నంకనే సంతకం పెట్టుండ్రి.