గిరిజన సమాజంలో అంతరాలే లేవని మనమే రాస్తే ఎలా?



ఈసారి మన హాస్టల్లో ఐదారుగురం కూర్చుని మనవాళ్ల సోషియాలజీ జవాబులు ఒకరివి ఒకరం దిద్దుకున్నాం. ప్రశ్న ఒక్కటే: "గిరిజన సమాజం సమానత్వ సమాజం. స్తరీకరణ, గతిశీలత, లింగ పాత్రల ఆధారంగా చర్చించండి." చదువుతుంటే సిగ్గేసింది. అందరిదీ ఒకటే గైడు, ఒకటే వాక్యం: "గిరిజనుల్లో అంతరాలు లేవు, ఓలి ఉంది కాబట్టి స్త్రీకి ఉన్నత హోదా, సంస్కృతీకరణ వల్ల గతిశీలత." ఇది రాసింది మన ఊళ్లు చూడని వాళ్లు కాదు, మనమే. కళ్ల ముందున్నది వదిలేసి గైడు రాస్తే మార్కులూ పోతాయి, నిజమూ పోతుంది. అందుకే ఈ పోస్టు.

మొదట స్తరీకరణ. మనవాళ్లు తేడాకి, అంతస్తుకి తేడా చూడట్లేదు. పటేల్ ఊరి పంచాయితీ చేస్తాడు, దేవారి పూజ చేస్తాడు, ఇంకొకరు వ్యవసాయం చేస్తారు. ఇది పనుల విభజన, అంటే విభేదీకరణ. ఆ తేడాని పట్టుకుని ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అని వరస కట్టి, ఆ వరస పుట్టుకతో పిల్లలకు కూడా అంటితే అప్పుడు స్తరీకరణ. ఉదాహరణకి ఆదిలాబాద్ రాజ్ గోండులు, పర్ధానులు తీసుకోండి. పర్ధాను కిక్రి వాయిస్తూ కథ చెప్పకపోతే గోండుల పెద్ద కార్యాలు జరగవు. అంత అవసరమైన మనిషి. కానీ హైమన్‌డార్ఫ్ 1940లలో అక్కడ ఉండి రాసినదాని ప్రకారం గోండులు పర్ధానుల కంటే తమని పై మెట్టు మీద చూసుకునేవాళ్లు, పెళ్లి సంబంధాలు కలుపుకునేవాళ్లు కాదు. ఇక్కడ మాక్స్ వెబర్ పనికొస్తాడు. ఆస్తిని బట్టి వర్గం, గౌరవాన్ని బట్టి హోదా, నిర్ణయం చేయగల శక్తిని బట్టి అధికారం, మూడూ వేరు వేరు అన్నాడు. ఇద్దరి దగ్గరా అదే రెండెకరాల మెట్ట ఉన్నా హోదాలో తేడా ఉండొచ్చని ఈ ఉదాహరణ చూపిస్తుంది. పర్ధాను అన్నలు దీన్ని తప్పుగా తీసుకోవద్దు. తక్కువ చేయడానికి కాదు, ఆ తక్కువచూపు ఉందని దాచకూడదని చెబుతున్నాం.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. 1940ల నాటి సంగతిని "చేస్తారు, ఉంటారు" అని ఇప్పటి మాటగా రాస్తున్నాం. కాలం రాయండి, ప్రాంతం రాయండి, తెగ పేరు రాయండి. ఆదిలాబాద్ గోండుల సంగతి అరకు కొండదొరలకి అతికించకండి.

రెండోది గతిశీలత. ఒక ఊళ్లో కూలి మానేసి ఇంకో ఊళ్లో కూలికి పోతే మెట్టు మారలేదు, అది సమతల గతిశీలత. తునికాకు కోసిన అమ్మ కూతురు టీచరైతే అది రెండు తరాల మధ్య పైకి వెళ్లిన ఊర్ధ్వ గతిశీలత. ఇంతవరకు అందరూ రాస్తున్నారు. ఆ తర్వాత "జంధ్యం వేసుకున్నారు, మాంసం మానేశారు, పైకి వచ్చారు" అని సంస్కృతీకరణ మీదకి దూకుతున్నారు. ఎం.ఎన్. శ్రీనివాస్ ఈ మాట వాడినప్పుడు గోండులు, భీల్లు, ఒరాన్‌ల లాంటి తెగల్లోనూ ఇది కనిపిస్తుందన్నాడు, నిజమే. కానీ ఇందులో మారేది ఒక గుంపు స్థానం మాత్రమే, మెట్ల నిర్మాణం మారదు అని కూడా ఆయనే అన్నాడు. గైడు ఆ రెండో సగం మింగేసింది. మాంసం మానేస్తే షావుకారు దగ్గర పోయిన భూమి తిరిగొస్తుందా?

మరి మన గతిశీలత దేని మీద ఆధారపడింది? జీవో 3 చూడండి. 2000 జనవరిలో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు షరతులతో నిలిచాయి, వెనక వచ్చేవాళ్లకి ఆ దారి మూసుకుపోయింది. అక్క టీచరైంది, అదే డీఎడ్ చేసిన చెల్లి ఇంట్లో ఉంది. ఇద్దరి తెలివిలో తేడా లేదు, తలుపు తెరిచిన కాలంలో తేడా ఉంది. వ్యక్తి కష్టం ఒక్కటే గతిశీలతని తేల్చదు, అవకాశాల నిర్మాణం కూడా తేలుస్తుంది అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ గైడులో ఉంది?

మూడోది లింగ పాత్రలు. ఇక్కడ మగపిల్లలం మరీ తప్పించుకుంటున్నాం. "ఓలి ఇస్తారు, కట్నం లేదు, కాబట్టి సమానం" అంటాం. ఓలి ఏం చూపిస్తుంది? ఆడపిల్ల పనికి విలువ ఉందని, ఆమె వెళ్లిపోతే పుట్టింటికి ఒక జత చేతులు తగ్గుతాయని చూపిస్తుంది. ఆ డబ్బు ఎవరి చేతికి పోతుంది? తండ్రికి, అన్నదమ్ములకి. ఆమె కాపురం వదిలి ఇంకొకర్ని చేసుకుంటే మొదటి భర్తకి పరిహారం కట్టే ఆచారం చాలా తెగల్లో ఉంది. వదిలి వెళ్లగలగడం నిజమైన స్వేచ్ఛే, దాన్ని రాయాలి. ఆ లెక్క మగవాళ్లు తేల్చుకుంటారన్నదీ రాయాలి.

అందుకే "హోదా ఎక్కువ" అనే ఒక్క ముక్క చాలదు. మూడు ప్రశ్నలుగా విడగొట్టండి: పని ఎవరిది, డబ్బు ఎవరి చేతిలో, ఆస్తి ఎవరి పేరున? పోడులో విత్తడం, కలుపు, కోత అమ్మ చేస్తుంది. సంతలో చింతపండు అమ్మేదీ అమ్మే, చేతిలో కొంత డబ్బు ఉంటుంది. పట్టా దగ్గరికి వచ్చేసరికి నాన్న పేరు. హిందూ వారసత్వ చట్టం 1956, సెక్షన్ 2(2) ప్రకారం కేంద్రం నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకి వర్తించదు, కాబట్టి కూతురి వాటా చాలాచోట్ల ఆచారం దయ మీదే ఉంది. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 4(4) మాత్రం పెళ్లయినవాళ్లకి హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలంటుంది. ఈ సెలవుల్లో ఇంటికెళ్లి మీ పోడు పత్రం తీసి చూడండి. అమ్మ పేరు ఉందా?

చివరగా, ఉదాహరణ సరైందో కాదో తెలుసుకునే చిన్న పరీక్ష. జవాబులోంచి ఉదాహరణ తీసేయండి. వాదన అలాగే నిలబడితే ఆ ఉదాహరణ అలంకారం, వేరేది వెతకండి. భావన తీసేయండి. ఏమీ మారకపోతే మీరు రాసింది ఊరి కబురు, సోషియాలజీ కాదు. రెండూ ఒకదాన్నొకటి మోయాలి.

"సొంతవాళ్ల లోపాలు పరీక్ష పేపర్లో రాస్తే పరువు పోదా?" అని ఒక తమ్ముడు అడిగాడు. అంతరాలు లేవని రాసిన రోజు పర్ధాను తమ్ముడి బాధ, పట్టా లేని అమ్మ బాధ మన చేత్తో మనమే కొట్టేసినట్టు. మనల్ని అమాయకులని పొగిడే గైడుకి ఆ అవసరం ఉందేమో, మనకి లేదు.

పై ప్రశ్నకి మీ తెగ, మీ మండలం ఉదాహరణతో ఒక పేజీ జవాబు రాసి కింద పెట్టండి. ఒక్కొక్కటీ చదివి దిద్దుతాం, మాది తప్పైతే మీరూ దిద్దండి.

జై ఆదివాసీ.