ఆకాశంలో చారలు

మొన్న మా అన్నయ్య షష్టిపూర్తికి వాళ్ళమ్మాయి నాలుగడుగుల పోస్టరు తయారుచేసింది. పైన ముదురు నీలం ఆకాశం, దిగువకు వచ్చేసరికి నారింజరంగు ఉదయం, మధ్య తండ్రి ఫోటో. ఫోనులో చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. ఫ్లెక్సీ వచ్చాక విప్పి చూస్తే ఆకాశమంతా అడ్డచారలు. నీలం, నారింజ కలిసేచోట బురదనీళ్ళు చల్లినట్టుంది. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వదిన అచ్చువేసినతని మీద విరుచుకుపడింది. డబ్బివ్వనని కూడా అంది.

తప్పెవరిదో తేల్చే ఉపాయం ఆ అచ్చతనే చెప్పాడు. ఆకాశంలో ఒక ముక్కను నిలువుగా ఒకసారి, అడ్డంగా తిప్పి ఒకసారి అచ్చు వేశాడు. చారలు బొమ్మతోపాటు తిరిగితే దోషం బొమ్మది. బొమ్మను ఎటు తిప్పినా అవి సిరా చల్లే హెడ్డు నడిచే దారి వెంటే పడితే దోషం యంత్రానిది. ఇక్కడ బొమ్మతోపాటే తిరిగాయి. వదిన మాట్లాడలేదు.

ఇంతకీ ఆ చారలెందుకు వచ్చాయి? కంప్యూటరు ప్రతి రంగునూ ఎరుపు, పచ్చ, నీలం పాళ్ళుగా రాసుకుంటుంది. మామూలు ఫైలులో ఒక్కొక్కదానికి 0 నుంచి 255 దాకా అంకెలు. మా పిల్ల ఆకాశంలో పై రెండడుగులలోనూ నీలం అంకె 70 నుంచి 100కు మాత్రమే పెరిగింది. తక్కిన రెండూ దాదాపు కదల్లేదు. అంటే 24 అంగుళాల మేరకు ఉన్నవి 30 మెట్లే, మెట్టుకు ముప్పాతిక అంగుళం పైన! ఫోనులో అదే మెట్టు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు గనుక కంటికి ఆనలేదు. దానికితోడు మన కన్ను కూడా కొంటెదే సుమండీ. రెండు ఛాయలు కలిసే అంచును ఉన్నదానికన్న ఎక్కువ చేసి చూపిస్తుంది. ఎర్నెస్ట్ మాక్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1865లోనే ఈ సంగతి వివరించాడు.

పైగా పిల్ల ఆ బొమ్మను వాట్సాప్‌లో ఫోటోగా పంపింది. దారిలో అది 1600 చుక్కల పొడవుకు కుదించుకుపోయింది. అలా కుదించే జేపెగ్ పద్ధతి బొమ్మను ఎనిమిదేసి చుక్కల గళ్ళుగా కోసి, ఒక్కొక్క గడిలోనూ అతి స్వల్పమైన తేడాలను లెక్కలోంచి తీసేస్తుంది. ఆకాశంలో ఉన్నవన్నీ స్వల్పమైన తేడాలే కదా! ఫ్లెక్సీని దగ్గరికి వెళ్ళి చూస్తే పావంగుళం చొప్పున గళ్ళు కనిపించాయి. పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపివుంటే ఫైలు ఉన్నదున్నట్టు చేరేది.

బురద సంగతి వేరు. పై నీలం అంకెలు 20, 30, 100. కింది నారింజవి 240, 140, 40. నడుమ సరాసరి తీస్తే 130, 85, 70. అది ఇటుకపొడి కలిపిన బురదరంగు కాక మరేమిటి? తెరమీదా అదే ఉంది గాని, అక్కడి వెలుగులో ఎవరం పట్టించుకోలేదు. అచ్చులో నీలం రావాలంటే సయాన్, మెజెంటా సిరాలు కలవాలి. నారింజకు మెజెంటా, పసుపు కలవాలి. మధ్యలో మూడూ ఒకేచోట పడితే రంగు చచ్చిపోతుంది. అయితే రెండింటికీ మెజెంటా ఉమ్మడిగా ఉంది చూశారూ, దారి అక్కడే ఉంది. సయాన్ తగ్గిపోయాకనే పసుపు మొదలయ్యేట్టు నడుమ ఒక గులాబిరంగు పెడితే చాలు. తెల్లవారుజామున ఆకాశంలో తరచు కనిపించేదీ ఆ వరసే.

పిల్ల ఆ రాత్రే దిద్దింది. మధ్యలో 210, 80, 120 అంకెల గులాబి పెట్టింది. చారలకు మందుగా ఆకాశమంతటా ఒకటి రెండు శాతం నాయిస్ చల్లింది. నాయిస్ అంటే ఇసుకలాంటి సన్నని రేణువులు. అవి మెట్ల అంచులను చెరిపేస్తాయి. నాలుగడుగుల దూరంలో రేణువులూ కనబడవు. అది బొమ్మ అసలు కొలతలో చల్లాలి, ఆఖరున చల్లాలి. తరవాత మళ్ళీ జేపెగ్‌గా గట్టిగా కుదిస్తే రేణువులు తుడుచుకుపోయి చారలు తిరిగొస్తాయి. అందుకని పీఎన్‌జీగా దాచి, డాక్యుమెంటుగా పంపింది. ఆరంగుళాల వెడల్పున, పొడవు మాత్రం పూర్తిగా, ఒక పట్టీ ముందు అచ్చు వేయించుకుని చూసింది. చిన్న కాగితం మీద చూస్తే ఏమీ తెలియదు, మెట్లు మళ్ళీ సన్నబడిపోతాయి గనుక.

పట్టీలో చారలు లేవు, బురదా లేదు. నారింజ మాత్రం తెరమీద మెరిసినంతగా మెరవలేదు. ఆ కాంతి సిరాకు లేదు, దానికి మందూ లేదు.

మర్నాడు పందిట్లో మా అన్నయ్య ఆకాశం వంక చూడనే లేదు. ఫోటోలో తన జుట్టు మరికాస్త నల్లగా ఉండవలసిందన్నాడు.