సీఆర్ఆర్‌నీ ఎస్ఎల్ఆర్‌నీ కలిపి కూడకండి

ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర హోంలోన్ల మాట వచ్చినప్పుడల్లా ఈ లెక్క వినిపిస్తుంది. "బ్యాంకులో వంద వేస్తే సీఆర్ఆర్‌కి 3, ఎస్ఎల్ఆర్‌కి 18 పోతాయి, మిగతా 79 అప్పిస్తారు. రెండూ డబ్బుకి తాళాలే కదా!"

అంకెలు సరైనవే. ఎస్ఎల్ఆర్ 2020 ఏప్రిల్ నుంచి 18 శాతం, సీఆర్ఆర్ 2025 నవంబరు 29 నుంచి 3 శాతం. తేడా అంతా ఆ "రెండూ తాళాలే" అన్నచోటే ఉంది.

కొడకండ్లలో ఓ రైతు పత్తి అమ్మిన లక్ష రూపాయల నోట్లు బ్యాంకులో వేశాడనుకుందాం. (ఈ లెక్కలు బ్రాంచికి కాదు, మొత్తం బ్యాంకు డిపాజిట్లకి. అర్థం కావడానికి ఒక్క ఖాతాతో చెబుతున్నా.) అందులో 3,000 ఆర్‌బీఐ దగ్గర ఉంచాలి. దానిమీద వడ్డీ రాదు, ఎవరికీ అప్పివ్వడానికీ లేదు. నిజమైన తాళం అంటే ఇది.

మరి 18,000? దాన్ని నగదుగానో, బంగారంగానో, ప్రభుత్వ బాండ్లుగానో బ్యాంకు తన దగ్గరే పెట్టుకోవచ్చు. ఆచరణలో దాదాపు అంతా బాండ్లే. కేంద్రానివే కాదు, ఆర్‌బీఐ వేలం వేసే తెలంగాణ ప్రభుత్వ బాండ్లు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. అంటే ఈ 18,000 పెట్టెలో పడుండే డబ్బు కాదు, సర్కారుకిచ్చిన అప్పు. దాన్ని సర్కారు జీతాలకో, రైతు భరోసాకో ఖర్చు పెడుతుంది. అది మళ్ళీ ఎవరో ఒకరి ఖాతాలో పడి కొత్త డిపాజిట్ అవుతుంది. అది కొడకండ్ల ఖాతానే కావచ్చు.

ఇప్పుడు పుస్తకాల లెక్క చేద్దాం. ఎవరూ నోట్లు బయటికి తీయరు, అప్పిచ్చిన ప్రతి రూపాయీ ఏదో ఒక బ్యాంకుకి తిరిగొస్తుంది అనుకుందాం. మొదటి లక్ష మొత్తం సీఆర్ఆర్ కిందకి చేరేదాకా డిపాజిట్లు పెరుగుతాయి. లక్షని 0.03తో భాగిస్తే 33.33 లక్షలు. అందులో లక్ష ఆర్‌బీఐ దగ్గర, 6 లక్షలు సర్కారు దగ్గర, మిగతా 26.33 లక్షలు మనలాంటి వాళ్ళ అప్పుల్లో ఉంటాయి. రెంటినీ కలిపి 0.21తో భాగిస్తే 4.76 లక్షలే వస్తుంది. లంచ్ టేబుల్ లెక్క బోల్తా పడేది ఇక్కడే.

ఒక్కో శాతం పెంచి చూడండి. సీఆర్ఆర్ 4 అయితే మొత్తం డిపాజిట్ల హద్దు 33.33 లక్షల నుంచి 25 లక్షలకి పడిపోతుంది. సీఆర్ఆర్ 3 దగ్గరే ఉంచి ఎస్ఎల్ఆర్ 19 చేస్తే ఆ హద్దు కదలదు. మన అప్పుల్లోంచి 33 వేలు సర్కారు వైపు వెళ్తాయి, అంతే. మొదటిది ఎంత అప్పు పుట్టాలో చెబుతుంది, రెండోది అది ఎవరికి వెళ్ళాలో చెబుతుంది.

నిజంగా 33 రెట్లు ఎక్కడా ఉండదు లెండి. జనం నోట్లు తీసుకుంటారు, బ్యాంకులకి సొంత మూలధనం చాలాలి, అప్పు తీర్చగలిగే మనిషి దొరకాలి. మన దేశంలో అది 5, 6 రెట్ల చుట్టూ తిరుగుతుంటుంది. ఇంకో మెలిక కూడా ఉంది. బాండ్ల డబ్బుని సర్కారు ఖర్చు పెట్టకుండా ఆర్‌బీఐ ఖాతాలో ఉంచుకున్నన్ని రోజులు, అది కూడా తాళం పడ్డట్టే.

చరిత్రలో చూడాలంటే ఇద్దరు తెలుగు గవర్నర్ల కాలం చూడండి. వై.వి.రెడ్డి గారు అప్పుల వేడి తగ్గించడానికి సీఆర్ఆర్‌ని మెట్లు మెట్లుగా పెంచుతూ పోతే 2008 ఆగస్టు చివరికి 9 శాతానికి చేరింది. ఆ సెప్టెంబరులో వచ్చిన దువ్వూరి సుబ్బారావు గారు, సంక్షోభం ముదరగానే 2009 జనవరికల్లా దాన్ని 5కి దించారు. అదే సమయంలో ఎస్ఎల్ఆర్ 25 నుంచి 24కి మాత్రమే తగ్గింది. కారణం ఊహించడం కష్టం కాదు. బ్యాంకులు చాలాసార్లు నిబంధన కన్నా ఎక్కువ బాండ్లే పెట్టుకుంటాయి. అలాంటప్పుడు ఎస్ఎల్ఆర్ తగ్గించినా కొత్త అప్పు పుట్టదు. పేపర్లో ఎస్ఎల్ఆర్ కోత వార్త చూసినప్పుడు, బ్యాంకుల దగ్గర అసలెన్ని బాండ్లున్నాయో ముందు చూడండి.

ఎస్ఎల్ఆర్ నిజంగా పీక పట్టుకున్న కాలమూ ఉంది. 1990ల మొదట్లో అది 38.5 శాతం, సీఆర్ఆర్ 15 శాతం. ఎస్ఎల్ఆర్‌ని 25కి తేవాలని 1991లో చెప్పిన కమిటీకి పెద్ద మరో తెలుగాయన, ఎం. నరసింహం గారు. అప్పట్లో మగ్గం నేసే మనిషికి అప్పు దొరక్కపోతే, వంద రూపాయల డిపాజిట్‌లో 38 సర్కారుకి ముందే రిజర్వ్ అయిపోవడం కూడా ఒక కారణం.

నా మట్టుకి నాకు, ఆ 18 శాతం మీద జరగాల్సిన చర్చ జరగట్లేదనిపిస్తుంది. సీఆర్ఆర్ పావు శాతం కదిలితే టీవీల్లో గంటలకొద్దీ వాదనలు. మన డిపాజిట్లలో ఆరో వంతుకి పైగా, మనల్ని అడక్కుండానే, ప్రభుత్వాలకి అప్పుగా వెళ్తుంటే మాత్రం "అది ఏదో రూలు లే" అంటాం. ఆ అప్పుతో ప్రభుత్వం ఏం చేస్తోందో అడగాల్సింది డిపాజిటర్లమైన మనమే కదా. మీరేమంటారు?