అనాస తింటే నాలుక మండేది మందు వల్ల కాదండీ

మొన్న సీతంపేట సంతలో ఒకాయన నా దగ్గర కొన్న అనాసపండు సగం తిని వెనక్కి తెచ్చాడు. "ఏం మందు కొట్టావయ్యా, నాలుక మండిపోతోంది" అన్నాడు, నలుగురి ముందు. డబ్బులు ఇచ్చేశాను గానీ మనసు ఊరుకోలేదు. అందుకే రాస్తున్నా.

ఆ పండు ఆయన ఎలా ఎంచాడో చూశాను. నడినెత్తిన ఆకు లాగితే ఊడి వచ్చింది, ఇక పండేసిందని తీసుకున్నాడు. వాసన చూడండి బాబూ అంటే వినలేదు. ఆకు పరీక్షను నేనైతే నమ్మను. ఎండి వాడిన ఆకు పచ్చికాయలోనైనా ఊడుతుంది. పైగా సాయంత్రానికి నా కాయలన్నీ బోడిగుండ్లు! ఆకు పచ్చగా, బిగువుగా ఉందా లేదా అని కంటితో చూస్తే చాలు. కాయ తాజాదో కాదో చెప్తుంది అది, తీపి చెప్పదు.

తీపి తెలియాలంటే కాయ తిరగేసి తొడిమ దగ్గర ముక్కు పెట్టండి. అనాస కింది నుంచి పైకి పండుతుంది. అక్కడ తియ్యటి వాసన ఉంటే కొనండి. అసలు వాసన లేకపోతే పచ్చిది, పులిసిన కల్లు వాసన వస్తే పోయింది. ఇంకో సంగతి, అనాస కోశాక అరటిలా తీపెక్కదు. ఇంట్లో పెడితే రంగు మారుతుంది, మెత్తబడుతుంది, అంతే. చెట్టు మీద ఎక్కిన తీపే తీపి. దూరం పంపాలని పచ్చిగా కోయించే వ్యాపారుల మీద నా కోపం అందుకే.

ఇక మంట సంగతి. అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. మాంసకృత్తులను అరగదీయడం దాని పని. అనాస రసంలో నానబెట్టిన మాంసం మెత్తబడేది దాని వల్లే. మన నాలుకా మాంసమే కదా! దానికి తోడు కంటికి కనపడని సూదుల్లాంటి స్ఫటికాలు గుచ్చుతాయి, పులుపు ఆ గాట్ల మీద పడి మండుతుంది. పచ్చికాయలో పులుపు ఎక్కువ గనక మంటా ఎక్కువే. కాసేపటికి నోరు తనే సర్దుకుంటుంది. పెదవులు వాచినా, గొంతు పట్టేసినా మాత్రం అది వేరే సంగతి, మీకు పడదన్నమాట. తినకండి, డాక్టరుకు చూపించుకోండి.

కోసేటప్పుడు తలా తొడిమా తీసేసి, కాయ నిలబెట్టి పైనుంచి కిందికి తోలు చెక్కండి. కళ్లు ఏటవాలు వరసల్లో కనిపిస్తాయి. ఒక్కోటీ తవ్వొద్దు, వరస వెంబడే రెండు వైపులా కత్తి వాల్చి కాలువలా తీస్తే గుజ్జు వృథా కాదు. తర్వాత నిలువునా నాలుగు చేసి, మధ్యలో గట్టిగా ఉండే బొడ్డు తీసేయండి. ఎంజైమ్ అందులో ఎక్కువ. మా సంత పెద్దమనిషి దాన్నే కసకసా నమిలాడు! నిలువు ముక్కలైతే కింది తీపీ పై పులుపూ అందరికీ సమానంగా వస్తాయి.

ఉప్పునీళ్లలో కాసేపు వేస్తే మంట కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పూర్తిగా పోవాలంటే ఉడకాలి, వేడికి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. అనాస కేసరి తిని నాలుక మండిందని ఎవరైనా అన్నారా?

వచ్చే సంతకి ఆయన వస్తే ఈసారి కాయ నేనే ఎంచి ఇస్తాను.