తప్పు ఇంటిపేరుది కాదు, చుక్కది



పాస్‌పోర్టులో పేరు కుదరక వీసా దగ్గర చిక్కు వచ్చిందంటే చాలు, మనవాళ్లు మన పేర్లనే తప్పుపడుతున్నారు. లోకమంతా ఇంటిపేరు వెనక పెట్టుకుంటే మనం ముందు పెట్టుకోవడం వల్లే ఈ తిప్పలని చెప్పుకుంటున్నారు. ఆ మాట నమ్మి పిల్లల పేర్లు తిరగేసి రాయిస్తున్న తల్లిదండ్రులూ ఉన్నారు. హైస్కూల్లో పదో తరగతి నామినల్ రోల్స్ ఏటా తయారుచేసినవాడిగా నేను ఈ వాదనను ఒప్పుకోను. మన వరుసలో దోషం లేదు. నిండైన ఇంటిపేరును ఒక అక్షరం, ఒక చుక్కగా కుదించి, ఆ చుక్కతో సహా పేరంతా ఒకే గడిలో రాసే మన బడి రికార్డులోనే దోషముంది.

ఉదాహరణకు ఒక అమ్మాయి పేరు అనుకుందాం. ఇంటిపేరు కొండపల్లి, పెట్టిన పేరు వెంకట సత్యలక్ష్మి. ఒకటో తరగతిలో చేర్చిన రోజు రిజిస్టరులో ‘కె.వి. సత్యలక్ష్మి’ అని రాస్తారు. ఊళ్లో అందరికీ అది చాలు. కానీ ఆ రెండు పొడి అక్షరాలు ఒక జాతివి కావు. ‘కె’ కుటుంబానిది, ‘వి’ ఆ పిల్లది. కాగితం మీద మాత్రం రెండింటికీ ఒకే చుక్క. చూసేవాడికి తేడా తెలిసే దారి లేదు. ‘కె’ అంటే కొండపల్లా, కొమ్మినేనా, కాకర్లా అన్నదీ తెలియదు. ఇదే పిల్ల చెన్నైలో చదివితే ఇంకో చిక్కు: తమిళనాట పొడి అక్షరం మామూలుగా తండ్రి పేరుది. అక్కడి గుమస్తా దాన్ని విడదీయాల్సి వస్తే తండ్రి పేరే అడుగుతాడు.

పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు చెల్లవు, విడదీసి రాయాలి. పెట్టిన పేరుకొక గడి, ఇంటిపేరుకొక గడి ఉంటాయి. ఇన్నేళ్లూ వాయిదా వేసిన ప్రశ్న అక్కడ ఎదురవుతుంది. సత్యలక్ష్మి దరఖాస్తు నింపే ఏజెంటు పదో తరగతి మెమోలోని పొడి అక్షరాలను విడదీసి, మూడు మాటలనూ పెట్టిన పేరు గడిలో పోసి ఇంటిపేరు ఖాళీగా వదిలేయవచ్చు. లేదా చివరి మాటే ఇంటిపేరనుకుని సత్యలక్ష్మిని అక్కడ రాసి, కొండపల్లి వెంకటను పెట్టిన పేరు చేయవచ్చు. రెండూ జరుగుతూనే ఉన్నాయి. ఏ అక్షరమూ పోలేదు కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోరు.

ఇంటిపేరు ఖాళీగా వదిలిన ఫలితం అమెరికా వీసా దరఖాస్తు దగ్గర తేలుతుంది. DS-160 ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా వదలడానికి లేదు. పాస్‌పోర్టులో అది లేకపోతే పెట్టిన పేరును ఇంటిపేరు గడిలో రాసి, పెట్టిన పేరు స్థానంలో FNU అని నింపాలి. పెట్టిన పేరు తెలియదని దాని అర్థం. ఆ మూడక్షరాలే వీసా మీదకూ ఎక్కుతాయి. అక్కడి నుంచి డ్రైవింగ్ లైసెన్సుకూ బ్యాంకు ఖాతాకూ పాకడంతో, తల్లిదండ్రులు ఆశగా పెట్టుకున్న పేరున్న పిల్ల పరాయి దేశంలో పేరు తెలియని మనిషవుతుంది. నాకు ఇది చిన్న విషయంగా కనిపించదు.

గల్ఫ్ వెళ్లేవారి సంగతి వేరు. పొడి అక్షరం చెల్లదనగానే దాన్ని విడదీయకుండా కొట్టేసి, ఒక్క మాటతోనే పాస్‌పోర్టు తీసుకున్నవారు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. 2022 నవంబరులో యూఏఈ, సందర్శక వీసా మీద వచ్చేవారి పాస్‌పోర్టులో ఒక్క మాటే ఉంటే రానివ్వబోమంది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే ఒప్పుకుంటామని తర్వాత సడలించారు. అంతకుముందు కొట్టేసిన ఆ ఒక్క అక్షరం వెనకే వాళ్ల ఇంటిపేరు ఉంది.

ఇక మన వరుస ప్రపంచానికి విరుద్ధమన్న మాట చూద్దాం. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణం ప్రకారం అవి ఒక్కొక్కటి 44 స్థానాలు. సత్యలక్ష్మి పేరు సరైన గడుల్లో పడితే మొదటి వరుస ఇలా వస్తుంది:

```
P<INDKONDAPALLI<<VENKATA<SATYALAKSHMI<<<<<<<
```

ముందు ఇంటిపేరు, తర్వాత రెండు గుర్తులు, ఆపైన పెట్టిన పేరు. ఇది అచ్చంగా మన వరుసే. చైనీయులు, కొరియన్లు, హంగేరీవాళ్లు కూడా ఇంటిపేరు ముందే చెబుతారు. యంత్రానికి కావలసింది ఏది కుటుంబానిది, ఏది మనిషిది అన్న విభజన. ఆ విభజనే మన బడి కాగితంలో లేదు.

అందుకే నేను కోరేది ఇదీ. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ బడి ప్రవేశ దరఖాస్తులో ఇంటిపేరు, పెట్టిన పేరు అని రెండు గడులు పెట్టాలి. రెండింటినీ తెలుగులోనూ ఇంగ్లిషు అక్షరాల్లోనూ రాయించాలి, చుక్కను ఒప్పుకోకూడదు. పదో తరగతి మెమోలోనూ అవి విడిగానే అచ్చవ్వాలి. తర్వాత వచ్చే ప్రతి కాగితమూ ఆ మెమోనే చూస్తుంది. ఇప్పుడు అపార్ గుర్తింపు సంఖ్య కోసం బడి రికార్డులోని పేరునూ ఆధార్‌లోని పేరునూ ఎలాగూ సరిచూస్తున్నారు. కానీ ఆధార్‌లోనూ పేరుకు ఒకే గడి. రెండు కాగితాలూ ఒకే రకంగా అస్పష్టంగా ఉంటే సరిచూసినప్పుడు పేర్లు కలుస్తాయి, పాస్‌పోర్టు దగ్గర చిక్కు మాత్రం అలాగే మిగులుతుంది.

ఇంటిపేరు కులాన్ని పట్టిస్తుందని, అందుకే వదిలేశామని చెప్పే కుటుంబాలున్నాయి. ఆ నిర్ణయాన్ని గౌరవిస్తాను. మన రెండు రాష్ట్రాల్లో ఇంటిపేరు వాడుకలోనే లేనివారూ ఉన్నారు. వాళ్లను బలవంతపెట్టమని నేననడం లేదు. ఆ గడిలో తండ్రి పేరో, తల్లి పేరో, పిల్ల పేరులోని ఒక భాగమో, ఏది ఉండాలో కుటుంబమే ముందుగా తేల్చుకోవాలి. ఆ పని ఏజెంటు బల్ల దగ్గర జరగకూడదు. పెళ్లయిన ఆడపిల్లల విషయంలో నా అభిప్రాయం ఇంకా గట్టిది. మెమోలో పుట్టింటి పేరు, పాస్‌పోర్టులో అత్తింటి పేరు ఉండటంతో వాళ్లకు కాగితాలు రెండింతలవుతున్నాయి. పెళ్లితో పాస్‌పోర్టులో పేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. చదువుకున్న పేరే ఉంచుకోమని తండ్రులు ధైర్యంగా చెప్పాలి.

ఇప్పటికే తప్పు గడిలో పడినవారు నోటరీ దగ్గర ‘ఇద్దరూ ఒకరే’ అన్న అఫిడవిట్ తీసుకుని ఊరుకోవద్దు. అది ఇక్కడి ఆఫీసుల్లో కొన్నిచోట్ల పనిచేస్తుంది, వీసా మీద అచ్చయ్యే పేరును మార్చదు. వ్యక్తిగత వివరాల మార్పు కింద పాస్‌పోర్టునే తిరిగి తీసుకోవాలి. అదీ జీఆర్‌ఈ, టోఫెల్ పరీక్షలకు పేరు నమోదు చేయకముందే, ఎందుకంటే అక్కడి పేరు పాస్‌పోర్టుతో కలవాలి. పొడి అక్షరాలతో పాత సర్టిఫికెట్లుంటే, వేరే పేర్లు వాడారా అని వీసా దరఖాస్తు అడిగినచోట ఆ రూపాన్ని దాచకుండా రాయాలి.

పదో తరగతి నామినల్ రోల్ బోర్డుకు వెళ్లేముందు తల్లిదండ్రులకు చూపించి సంతకం తీసుకునేటప్పుడు, పుట్టిన తేదీతో పాటు ‘ఇందులో ఇంటిపేరు ఏది?’ అని ప్రధానోపాధ్యాయులు అడగాలి. విద్యాశాఖ ఆ ప్రశ్నను ఈ ఏడాది నుంచే ఫారంలో చేర్చాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
తెనాలి